మోజరెల్లా, చెడ్డార్, ప్రాసెస్డ్ చీజ్ స్లైస్: ప్రొటీన్, కొవ్వు, కేలరీలు సరిగ్గా పోల్చడం ఎలా

మూడు రకాల చీజ్ స్లైస్ ప్యాకెట్లు ముందు పెట్టుకుని, ప్రతిదాని వెనక "ఒక స్లైస్‌కు" అని రాసిన అంకెలు చూసి, ఏది తక్కువ కేలరీలో ఏది ఎక్కువ ప్రొటీనో చెప్పేయడం చాలామంది చేసే పని. ఆ పద్ధతిలో వచ్చే జవాబు చాలాసార్లు తప్పు. లేబుల్ అబద్ధం చెప్పిందని కాదు, స్లైస్ అనేది కొలత కాదు కాబట్టి. ఒక కంపెనీ స్లైస్ 20 గ్రాములుంటే ఇంకో కంపెనీది 28 గ్రాములు ఉంటుంది, "థిన్" అని రాసినదైతే 12 గ్రాములే ఉండొచ్చు. పలుచటి స్లైస్‌లో కేలరీలు తక్కువే ఉంటాయి మరి, అక్కడ చీజే తక్కువ ఉంది కదా!

కాబట్టి చేయాల్సింది ఇది: ముందు మూడింటినీ ఒకే బరువుకు తెచ్చి పోల్చండి, ఆ తర్వాత మీరు నిజంగా తినే స్లైస్‌కు తిరిగి లెక్క కట్టండి. పెద్ద పనేం కాదు, ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు, కిచెన్ స్కేల్ ఉంటే ఇంకా మంచిది. ఒకసారి చేసి పెట్టుకుంటే మళ్ళీ ప్యాకెట్ మారే దాకా దాని జోలికి వెళ్ళక్కర్లేదు.

1. మీ స్లైస్ అసలు బరువు తెలుసుకోండి

స్కేల్ లేకపోతే ప్యాకెట్ మీద నెట్ వెయిట్ చూసి, లోపల ఎన్ని స్లైసులున్నాయో దానితో భాగించండి. 200 గ్రాముల ప్యాకెట్‌లో 10 స్లైసులుంటే ఒక్కోటి 20 గ్రాములు. ఫ్యాక్టరీలో కోసిన స్లైసులకు ఈ లెక్క బాగానే సరిపోతుంది.

స్కేల్ ఉంటే ఒక్క స్లైస్‌ను తూచకండి. ఇళ్ళలో వాడే స్కేళ్ళు చాలావరకు ఒక గ్రాము వరకే చూపిస్తాయి, 20 గ్రాముల వస్తువు మీద ఒక గ్రాము తేడా అంటే 5 శాతం తప్పు. ఐదు స్లైసులు కలిపి తూచి ఐదుతో భాగిస్తే ఆ తప్పు దాదాపు పోతుంది. ప్రాసెస్డ్ స్లైసులకు విడివిడిగా చుట్టిన ప్లాస్టిక్ కవరు, మోజరెల్లా స్లైసుల మధ్య పెట్టే కాగితం తీసేసి తూచడం మర్చిపోకండి.

దిమ్మ కొని ఇంట్లో కత్తితో కోసుకునేవాళ్ళకు మాత్రం స్కేల్ తప్పనిసరి. చేత్తో కోసిన చెడ్డార్ ముక్క చూడటానికి మామూలు స్లైస్‌లాగే ఉంటుంది కానీ తూస్తే 30, 40 గ్రాములు వచ్చేస్తుంది, అంటే మీరు ఒక స్లైస్ అనుకుని రెండు తింటున్నారు. చెడ్డార్‌లో ఈ పొరపాటు ఖరీదు ఎక్కువ, ఎందుకో మూడో అడుగులో అంకెలు చూస్తే అర్థమవుతుంది.

2. ప్యాకెట్‌లో ఉన్నది ఏ చీజో పేరుతో సహా చదవండి

మోజరెల్లా అని రాసి ఉంటే సరిపోదు. నీళ్ళలో వేసి అమ్మే తెల్లటి మెత్తటి ఉండ ఫ్రెష్ మోజరెల్లా. అందులో సగం కన్నా ఎక్కువ నీరే, అందుకే అదే బరువుకు ప్రొటీన్, కొవ్వు, కేలరీలు అన్నీ తగ్గుతాయి. స్లైసులుగా వచ్చేది సాధారణంగా లో మాయిశ్చర్ మోజరెల్లా, అంటే తేమ తగ్గించినది. అందులోనూ పూర్తి పాలతో చేసినది ఒకటి, కొంత వెన్న తీసిన పాలతో చేసినది ఇంకొకటి. ఈ రెండో రకం మీద "పార్ట్ స్కిమ్" అని ఉంటుంది, కొవ్వు అందులో తక్కువ. నేను కింద వేసిన లెక్క ఈ పార్ట్ స్కిమ్ రకానికి.

చెడ్డార్‌కు ఇంత గొడవ లేదు. మైల్డ్, షార్ప్ అని రాసి ఉండేది ఎంతకాలం మాగబెట్టారన్న దాన్ని బట్టి వచ్చే రుచి గురించి. మాగే కొద్దీ ప్రొటీన్ చిన్న చిన్న ముక్కలుగా విరిగి ఘాటు పెరుగుతుంది కానీ గ్రాముల లెక్కలో చెప్పుకోదగ్గ మార్పు రాదు. షార్ప్ చెడ్డార్‌లో కొవ్వు ఎక్కువ ఉంటుందేమో అని టెన్షన్ పడక్కర్లేదు.

అసలు జాగ్రత్త పడాల్సింది ప్రాసెస్డ్ స్లైసుల దగ్గర. మామూలు చీజ్‌ను ముక్కలు చేసి, సోడియం సిట్రేట్, సోడియం ఫాస్ఫేట్ లాంటి లవణాలు కలిపి వేడి చేస్తారు. ఈ లవణాలు చీజ్‌లోని ప్రొటీన్‌ను వదులు చేసి, కొవ్వు, నీరు విడిపోకుండా ఒకటిగా పట్టి ఉంచేలా చేస్తాయి. ఆ స్లైస్ వేడికి నూనె కక్కకుండా నున్నగా కరిగేది దీనివల్లే. ఇంతవరకూ తప్పేం లేదు. అయితే ఈ పద్ధతిలో చీజ్‌తో పాటు నీరు, పాలపొడి, పాలు విరిగాక మిగిలే నీటిని ఆరబెట్టి చేసే వే పొడి, వెన్న, ఒక్కోసారి పిండి కూడా కలపొచ్చు, ఎంత కలిపితే అంత మేర అసలు చీజ్ తగ్గుతుంది. అమెరికాలో ప్రాసెస్ చీజ్ ఫుడ్ అనే పేరు పెట్టాలంటే అందులో కనీసం 51 శాతం అసలు చీజ్ ఉండాలన్నది నియమం. అంటే మిగతా దాదాపు సగం వేరే ఏదైనా కావొచ్చన్నమాట.

అందుకే పదార్థాల జాబితాలో మొదటి పేరు చూడండి. ఎక్కువ బరువున్నది ముందు రాయడం చాలా దేశాల్లో నియమం. మొదటి పేరు చీజ్ అయితే మీరు పోల్చేది ప్రాసెస్డ్ చీజ్‌నే. మొదట్లోనే నీరు, పామాయిల్ లాంటి వంటనూనె, స్టార్చ్ కనిపిస్తే అది చీజ్ రుచి ఉన్న వేరే సరుకు, అందులో ప్రొటీన్ బాగా పడిపోతుంది. దాన్ని ఈ పోలికలోకి తేకుండా పక్కన పెట్టేయడమే నయం.

3. మూడింటినీ 100 గ్రాములకు తెచ్చుకోండి

లేబుల్ మీద 100 గ్రాములకు అంకెలు విడిగా ఉంటే నేరుగా అవే తీసుకోండి. లేకపోతే స్లైస్‌కు రాసిన అంకెను స్లైస్ బరువుతో భాగించి 100తో గుణించండి. ఒక్కసారి సర్వింగ్ సైజ్ ఏంటో కూడా చూడండి. కొన్నిచోట్ల సర్వింగ్ 30 గ్రాములని రాసి స్లైస్ మాత్రం 20 గ్రాములుంటుంది, అంటే ఆ అంకెలు ఒకటిన్నర స్లైసువి! శక్తిని కిలోజౌళ్ళలో మాత్రమే ఇచ్చి ఉంటే 4.184తో భాగిస్తే కేలరీలు వస్తాయి.

నేను ఇక్కడ మామూలుగా కనిపించే అంకెలతో ఒక లెక్క పూర్తిగా చేస్తాను, మీ ప్యాకెట్ అంకెలు కొద్దిగా అటూ ఇటూ ఉంటాయి. 100 గ్రాములకు:

| రకం | కేలరీలు | ప్రొటీన్ | కొవ్వు |
|---|---|---|---|
| పార్ట్ స్కిమ్ మోజరెల్లా | 295 | 24 గ్రా. | 20 గ్రా. |
| చెడ్డార్ | 403 | 23 గ్రా. | 33 గ్రా. |
| ప్రాసెస్డ్ స్లైస్ | 325 | 17 గ్రా. | 25 గ్రా. |

ఈ పట్టికలో మొదట చూడాల్సింది ప్రొటీన్ వరుస. మోజరెల్లాకూ చెడ్డార్‌కూ తేడా ఒక్క గ్రామే. చెడ్డార్ గట్టిగా, ఘాటుగా ఉంటుంది కాబట్టి అందులో ప్రొటీన్ ఎక్కువని అనుకునేవాళ్ళు చాలామంది ఉంటారు, అది నిజం కాదు. ఈ రెండింటినీ వేరు చేసేది కొవ్వు. చెడ్డార్ తయారీలో విరిగిన పాల గడ్డను ముక్కలుగా కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, ఉప్పు కలిపి, అచ్చుల్లో గట్టిగా నొక్కుతారు, దాంతో నీరు బయటికి పోయి 37 శాతం దగ్గర మిగులుతుంది. పూర్తి కొవ్వున్న పాలు కాబట్టి ఆ కొవ్వంతా లోపలే చిక్కబడుతుంది. మోజరెల్లాలో దాదాపు సగం నీరు ఉండిపోతుంది, పైగా పార్ట్ స్కిమ్ రకంలో పాల నుంచి కొంత కొవ్వు ముందే తీసేశారు. అందుకే ప్రొటీన్ సమానంగా ఉన్నా మోజరెల్లాలో కొవ్వు 13 గ్రాములు తక్కువ, ఒక్క ఆ కొవ్వు తేడాయే 117 కేలరీలు. చెడ్డార్ ముక్క లావుగా కోసుకుంటే నష్టం ఎక్కువన్నది ఇందుకే.

ప్రాసెస్డ్ స్లైస్ కొవ్వులో చెడ్డార్ కన్నా తక్కువ, కానీ దాదాపు అదే నిష్పత్తిలో ప్రొటీన్ కూడా పడిపోయింది. చీజ్‌ను నీటితో, పాలపొడితో పలచన చేసినందుకు వచ్చిన ఫలితం ఇది. పాలపొడిలో, వే పొడిలో ఉండే పాల చక్కెర వల్ల ఇందులో కార్బోహైడ్రేట్లు కూడా 8 గ్రాముల దాకా ఉంటాయి. చెడ్డార్‌లో అవి 3 గ్రాములకు మించవు.

4. అంకెలు కలుస్తున్నాయో లేదో సరిచూడండి

ఇది రెండు నిమిషాల పని, దయచేసి వదిలేయకండి. ప్రొటీన్ గ్రాముకు 4 కేలరీలు, కార్బోహైడ్రేట్ గ్రాముకు 4, కొవ్వు గ్రాముకు 9. మూడూ కూడితే లేబుల్ మీది కేలరీలకు దగ్గరగా రావాలి.

చెడ్డార్ చూద్దాం. ప్రొటీన్ 23 గ్రాములకు 92, కొవ్వు 33 గ్రాములకు 297, కార్బోహైడ్రేట్ 3 గ్రాములకు 12. మొత్తం 401. లేబుల్ 403 అంటోంది, బాగా కలిసింది. ప్రాసెస్డ్ స్లైస్‌కు 68, 225, 32 కూడితే 325. ఇలా 5 శాతం లోపు తేడా ఉంటే మామూలే. 15, 20 శాతం తేడా వచ్చిందంటే చాలావరకు మీరు స్లైస్ అంకెను, 100 గ్రాముల అంకెను కలిపేసి ఉంటారు, లేదా సర్వింగ్ అంటే రెండు స్లైసులన్న సంగతి చూసి ఉండరు. వెనక్కి వెళ్ళి మొదటి నుంచి చూడండి.

తేడా రావడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది రౌండ్ చేయడం. 100 గ్రాముల అంకెలు లేకుండా స్లైస్ అంకెలే ఉన్న లేబుల్ అయితే ఇది మిమ్మల్ని నిజంగానే తప్పుదారి పట్టిస్తుంది. అమెరికా నియమాల ప్రకారం లేబుల్‌లో ప్రొటీన్‌ను దగ్గరి గ్రాముకు, 50 దాటిన కేలరీలను దగ్గరి పదికి సర్ది రాస్తారు. ఇప్పుడు రెండు ప్రాసెస్డ్ స్లైసులు తీసుకోండి, రెండూ 20 గ్రాములే. ఒకదాంట్లో నిజమైన ప్రొటీన్ 3.4 గ్రాములు, రెండో దాంట్లో 3.6. లేబుల్ మీద మొదటిది 3 అని, రెండోది 4 అని పడుతుంది. మీరు 100 గ్రాములకు లెక్క కడితే ఒకటి 15, ఇంకొకటి 20 వస్తాయి. అసలు తేడా ఒక్క గ్రాము, కాగితం మీద ఐదు గ్రాములు! కేలరీలూ అంతే, 64 ఉన్నది 60 అవుతుంది, 66 ఉన్నది 70 అవుతుంది.

కాబట్టి చిన్న స్లైస్ లేబుల్ మీద ప్రొటీన్‌లో ఒక గ్రాము తేడా కనిపిస్తే దాన్ని తేడాగా లెక్కపెట్టకండి. రెండు గ్రాములు, అంతకు మించి ఉంటేనే నమ్మండి. వేరే సైజు ప్యాకెట్ మీదో, అదే చీజ్ దిమ్మగా అమ్మే ప్యాకెట్ మీదో పెద్ద సర్వింగ్‌కు అంకెలు దొరికితే అవి వాడండి, సర్వింగ్ పెద్దదైన కొద్దీ రౌండింగ్ తప్పు తగ్గుతుంది.

5. ఇప్పుడు స్లైసులకు తిరిగి రండి

మన ఉదాహరణలో మోజరెల్లా స్లైస్ 25 గ్రాములు, చెడ్డార్, ప్రాసెస్డ్ ఒక్కోటి 20 గ్రాములు అనుకుందాం. ప్యాకెట్లు ఇలాంటి బరువుల్లో రావడం మామూలే.

ఒక మోజరెల్లా స్లైస్‌లో 74 కేలరీలు, 6 గ్రాముల ప్రొటీన్, 5 గ్రాముల కొవ్వు. చెడ్డార్‌లో 81 కేలరీలు, 4.6 ప్రొటీన్, 6.6 కొవ్వు. ప్రాసెస్డ్‌లో 65 కేలరీలు, 3.4 ప్రొటీన్, 5 కొవ్వు.

కేలరీలు మాత్రమే చూసేవాళ్ళు ఇక్కడ ఆగిపోయి, ప్రాసెస్డ్ స్లైసే అన్నింటికన్నా తేలిక అని తీర్మానిస్తారు. కానీ మోజరెల్లా స్లైస్ కూడా 20 గ్రాములే ఉంటే దానికి 59 కేలరీలే వస్తాయి, ప్రొటీన్ అప్పటికీ 4.8 గ్రాములు, కొవ్వు 4 గ్రాములు. అంటే ప్రాసెస్డ్ స్లైస్ తేలికగా కనిపించింది ఎదురుగా ఉన్న స్లైస్ 5 గ్రాములు ఎక్కువ బరువు ఉన్నందుకే.

స్లైస్ గొడవే లేకుండా తేల్చే అంకె ఒకటుంది, నాకు అన్నింటికన్నా అదే ఇష్టం. 100 కేలరీలకు ఎంత ప్రొటీన్ వస్తుందో చూడండి. ప్రొటీన్‌ను కేలరీలతో భాగించి 100తో గుణిస్తే చాలు, అది స్లైస్‌ది వేసినా 100 గ్రాములది వేసినా జవాబు ఒకటే. మోజరెల్లాకు 8.1 గ్రాములు. చెడ్డార్‌కు 5.7. ప్రాసెస్డ్‌కు 5.2.

చివరి రెండూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూశారా! గ్రాముల్లో చూస్తే చెడ్డార్ ప్రొటీన్ 23, ప్రాసెస్డ్ 17, చాలా దూరం అనిపించింది. కేలరీల వైపు నుంచి చూస్తే దాదాపు పక్కపక్కనే ఉన్నాయి, ఎందుకంటే చెడ్డార్ ఆ ప్రొటీన్‌తో పాటు అంత కొవ్వునూ మోసుకొస్తుంది. ప్రాసెస్డ్ స్లైస్ చెత్త, చెడ్డార్ అసలైన ప్రొటీన్ ఆహారం అని తేల్చేసేవాళ్ళు ఈ ఒక్క లెక్క వేస్తే బాగుంటుంది. చెడ్డార్ కేలరీల్లో దాదాపు 74 శాతం, ప్రాసెస్డ్‌లో 69 శాతం కొవ్వు నుంచే వస్తాయి. ముందున్న మోజరెల్లాలోనూ ఇది 61 శాతం. మూడూ ముందు కొవ్వు పదార్థాలే, ప్రొటీన్ వాటితో పాటు వస్తుంది. కేవలం ప్రొటీన్ కోసమని చీజ్ స్లైసులు పెంచుకుంటూ పోయేవాళ్ళు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

6. మీ ప్లేట్‌కు అన్వయించండి

సాండ్‌విచ్‌లో రెండు స్లైసులు పెడతారనుకోండి. మోజరెల్లా రెండు అంటే 148 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్, 10 గ్రాముల కొవ్వు. ప్రాసెస్డ్ రెండు అంటే 130 కేలరీలు, 6.8 ప్రొటీన్, కొవ్వు ఇక్కడా 10 గ్రాములే. కొవ్వు సమానం, మోజరెల్లాకు 18 కేలరీలు ఎక్కువ, దానికి బదులుగా 5 గ్రాములకు పైగా ప్రొటీన్ అదనం. ఇంత చవగ్గా అంత ప్రొటీన్ ఇంకో విధంగా దొరకదు, కేలరీలు మరీ గట్టిగా లెక్కపెట్టుకునేవాళ్ళయినా ఇక్కడ మోజరెల్లా వైపు వెళ్ళడమే సరైనదని నేను గట్టిగా చెబుతాను. చెడ్డార్ రెండు అంటే 161 కేలరీలు, 9.2 ప్రొటీన్, 13.2 కొవ్వు.

దీన్నే తిరగేసి, 10 గ్రాముల ప్రొటీన్ కావాలంటే ఎంత తినాలో చూడండి. మోజరెల్లా 42 గ్రాములు, సుమారు 123 కేలరీలు. చెడ్డార్ 43, 44 గ్రాములు, సుమారు 175 కేలరీలు. ప్రాసెస్డ్ అయితే 59 గ్రాములు, అంటే దాదాపు మూడు స్లైసులు, 191 కేలరీలు.

మూడు ప్రాసెస్డ్ స్లైసులు అనగానే ఉప్పు సంగతి కూడా చెప్పాలి, అసలు విషయం అది కాకపోయినా. దానిలో కలిపే లవణాలు సోడియం లవణాలే కాబట్టి, అదే బరువున్న చెడ్డార్‌తో పోలిస్తే సోడియం చాలాసార్లు రెండింతల దాకా ఉంటుంది. బీపీ ఉన్నవాళ్ళు ఆ వరుస చదవకుండా స్లైసుల సంఖ్య పెంచకూడదు.

అలాగని చెడ్డార్‌ను పక్కన పెట్టేయమని కాదు. దానికి ఉన్న బలం రుచి. ఘాటుగా ఉండే షార్ప్ చెడ్డార్‌ను స్లైస్‌గా కాకుండా తురుముగా వేస్తే, 20 గ్రాములతోనే రొట్టె అంతా చీజ్ రుచి వస్తుంది, 81 కేలరీలతో పని అయిపోతుంది. మోజరెల్లా రుచి పలుచన, అదే తృప్తి కావాలంటే రెండు స్లైసులు పడతాయి, అప్పుడు 148. మీరు నిజంగా ఎన్ని పెడతారో దాన్ని బట్టి పోల్చండి, ఒక స్లైస్‌కు ఒక స్లైస్ అని కాదు.

లెక్క తప్పే చోట్లు

అన్నింటికన్నా ఎక్కువ కంగారు పెట్టేది కొన్ని ప్యాకెట్ల మీద పెద్ద అక్షరాలతో ఉండే కొవ్వు శాతం. యూరప్ చీజ్‌ల మీద ఇది మరీ ఎక్కువ. 45 శాతం అని చూసి, 100 గ్రాముల్లో 45 గ్రాములు కొవ్వే అనుకుని భయపడి కింద పెట్టేస్తారు. ఆ శాతం చీజ్ మొత్తానికి కాదు, నీరు తీసేస్తే మిగిలే పొడి పదార్థానికి. చీజ్ ఆరే కొద్దీ నీరు మారుతుంది కానీ పొడి పదార్థంలో కొవ్వు వాటా మారదు, అందుకే తయారీదారులు అలా చెబుతారు. మోజరెల్లాలో నీరు సగం ఉంటే పొడి పదార్థం 50 గ్రాములు, అందులో 45 శాతం అంటే 22.5 గ్రాములు. చెడ్డార్‌లో నీరు 37 గ్రాములు, పొడి పదార్థం 63, దాంట్లో 50 శాతం కొవ్వు అంటే 31.5. చూడండి, పెద్ద అక్షరాల్లో 45, 50 మధ్య తేడా ఏమంత లేదు, తినేటప్పుడు మాత్రం తొమ్మిది గ్రాములు. ఆ పెద్ద అంకెను వదిలేసి వెనక పోషకాల పట్టికలో కొవ్వు వరుసే చదవండి.

తర్వాతది "లైట్" అని, "రెడ్యూస్డ్ ఫ్యాట్" అని వచ్చే స్లైసులు. ఇవి నిజంగా ఉపయోగపడేవీ ఉన్నాయి, పేరుకు మాత్రమే తేలికైనవీ ఉన్నాయి. తేల్చడానికి ఐదో అడుగులోని లెక్క చాలు: 100 కేలరీలకు ప్రొటీన్ మామూలు రకం కన్నా బాగా పెరిగిందా లేదా. కొవ్వు తీసి ఆ చోటు ప్రొటీన్‌కు ఇచ్చి ఉంటే ఆ అంకె కచ్చితంగా పెరుగుతుంది. పెరగకపోతే రెండే కారణాలు, కొవ్వు బదులు పిండో చక్కెరో చేరింది, లేదా స్లైస్‌ను పలుచగా కోసి కేలరీలు తగ్గాయని రాశారు. రెండోదాన్ని పట్టుకోవడం సులభం, మొదటి అడుగులో చెప్పినట్టు బరువు చూడగానే తెలిసిపోతుంది.

వండేటప్పుడు ఇంకో సందేహం వస్తుంది, చెడ్డార్ పెనం మీద కరిగి నూనె వదిలేసింది కదా, కొవ్వు తగ్గినట్టేనా అని. ఆ నూనె రొట్టె పీల్చుకుంటే ఏమీ తగ్గలేదు. పెనం మీద మిగిలి మీరు తుడిచేసిందే తగ్గినట్టు, అది ఎంతో ఇంట్లో తూచడం కష్టం కాబట్టి లెక్కలోకి తీసుకోకండి. బరువు మాత్రం ఎప్పుడూ వండక ముందే చూడండి. కరిగి వేగిన చీజ్‌లో నీరు ఆవిరైపోతుంది కాబట్టి బరువు తగ్గి కనిపిస్తుంది, ఆ బరువుకు ప్యాకెట్ అంకెలు వేస్తే తిన్నదానికన్నా తక్కువ వస్తుంది. ఫ్రిజ్‌లో మూత పెట్టకుండా వదిలేసి అంచులు ఎండిన స్లైసులకూ ఇదే వర్తిస్తుంది, తూకం తగ్గినా లోపల ప్రొటీన్, కొవ్వు అలాగే ఉన్నాయి. అలాంటప్పుడు తూకం వేయకుండా, ప్యాకెట్ బరువును స్లైసుల సంఖ్యతో భాగించి వచ్చిన అంకెనే వాడండి.